రష్యన్ పేజీలో డ్యాష్‌కు ఎంత పనో!

ఇంగ్లీషు కథ రష్యన్‌లోకి వెళ్లేటప్పుడు మాటలతో పాటు గుర్తులూ మారాలి. కొటేషన్ గుర్తులన్నిటినీ ఒక్క దెబ్బలో « » గా మార్చేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి తప్పులు మొదలయ్యేది అక్కడే. ఇంగ్లీషులో ఒకే గుర్తు చేసే పనిని రష్యన్‌లో రెండు మూడు గుర్తులు పంచుకుంటాయి.

సంభాషణనే తీసుకుందాం. గుర్తులు తేలిగ్గా కనిపించేలా మాటలు తెలుగులోనే ఉంచుతాను. ఇంగ్లీషు పద్ధతి ఇది:

“నేను వస్తాను,” అంది ఓల్గా. “కానీ ఈరోజు కాదు.”

రష్యన్ కథల్లో ఇది సాధారణంగా ఇలా ఉంటుంది:

— నేను వస్తాను, — అంది ఓల్గా. — కానీ ఈరోజు కాదు.

కొటేషన్లు పూర్తిగా పోయాయి. మాట కొత్త పేరాలో, పొడుగు డ్యాష్‌తో మొదలైంది. పాత్ర మాటకూ రచయిత మాటకూ మధ్య మళ్లీ డ్యాష్ వచ్చింది. కామా డ్యాష్‌కు ముందే ఉంది. ఓల్గా ప్రశ్న వేసి ఉంటే కామా బదులు ప్రశ్నార్థకం వచ్చేది, డ్యాష్ అలాగే ఉండేది.

మాట పేరా మధ్యలో వస్తే, లేదా పుస్తకం పేరు చెప్పాల్సి వస్తే « » కావాలి. ఫర్ చెట్టు కొమ్మల్లా ఉంటాయని రష్యన్లు వీటిని ‘యోలచ్కి’ అంటారు. ఫ్రెంచివాళ్లలా లోపల ఖాళీ వదలరు. ఫుల్‌స్టాప్, కామా బయట ఉంటాయి: ఓల్గా అంది: «వస్తాను». ప్రశ్నార్థకం మాటకు చెందినదైతే లోపలే: ఓల్గా అడిగింది: «వస్తావా?» ఆ తర్వాత మరో ఫుల్‌స్టాప్ అక్కర్లేదు. కొటేషన్‌లో కొటేషన్ వస్తే „ “ వాడతారు. ఇక్కడ ముగింపు గుర్తు ఇంగ్లీషులో ప్రారంభ గుర్తులా కనిపిస్తుంది, అందుకే దాన్ని ‘సరిచేసి’ చెడగొట్టేవాళ్లు ఎక్కువ.

డ్యాష్‌కు రెండు వైపులా ఖాళీ ఉండాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో చాలావరకు అది మాటలకు అంటుకునే ఉంటుంది. రష్యన్‌లో ముందు వైపు ఖాళీ విడిపోనిది (U+00A0) అయితే, వాక్యం మధ్యలోని డ్యాష్ కొత్త లైను మొదట్లోకి జారదు. అక్కడ కనిపిస్తే పాఠకుడు కొత్త సంభాషణ అనుకుంటాడు. పదాలను కలిపే హైఫన్‌కు మాత్రం ఖాళీలు ఉండవు. 1941–1945 వంటి సంవత్సరాల మధ్య పొట్టి డ్యాష్‌కూ ఉండవు.

డ్యాష్‌లు లెక్కపెట్టి రెండు ప్రతులనూ పోల్చడం వల్ల లాభం లేదు. తెలుగులాగే రష్యన్‌లోనూ వర్తమానంలో ‘మాస్కో రష్యా రాజధాని’ అనడానికి క్రియ అక్కర్లేదు. రెండు నామవాచకాల మధ్య ఆ చోటును డ్యాష్ నింపుతుంది: మాస్కో — రష్యా రాజధాని. మూలంలో లేని డ్యాష్ ఇక్కడ తప్పనిసరి.

అందుకే ముందు సంభాషణలను చేత్తో మార్చి, మిగిలిన కొటేషన్లను తర్వాత మార్చాలి. చివరగా మూడు వెతకాలి: మిగిలిపోయిన నిలువు కొటేషన్లు, రెండు ఖాళీల మధ్య హైఫన్లు, జత కుదరని « ». వీటిలో ఏది దొరికినా ఆ వాక్యాన్ని మొత్తం చదివే సరిచేయాలి.