పాట అన్నమయ్యది, బాణీ ఎవరిది?

రాజమండ్రిలో మా బాబాయి బ్యాంకు క్లర్కుగా రిటైరయ్యాక యూట్యూబ్‌లో భక్తి సంగీతం ఛానల్ మొదలుపెట్టారు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య కాదు ఆయనది. శనివారం శనివారం గుడిలో భజన బృందంతో పాడుతూ పట్టుకున్న పాట. ఏళ్ల తరబడి పాడినా అక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అందుకే ఛానల్లో పెట్టిన మొదటి కీర్తనకే కాపీరైట్ క్లెయిమ్ రావడంతో తట్టుకోలేకపోయారు.

“అన్నమయ్య పోయి అయిదు వందల ఏళ్లు దాటింది. ఆయన పాటకి ఇప్పుడు ఓనరెవర్రా?” అని నాకు ఫోన్ చేశారు.

ఈ ప్రశ్న మా బాబాయి ఒక్కరిదే కాదు. రిటైరయ్యాక భక్తి పాటల ఛానల్ పెట్టుకున్న చాలామంది మొదట తడబడేది ఇక్కడే. ఒక కీర్తన వీడియోలో మూడు వేర్వేరు ఆస్తులుంటాయి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగు ఒకటి. అన్నమయ్య 1408 నుంచి 1503 వరకు జీవించాడు. ఆయన సాహిత్యం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. బాణీల సంగతి వేరు. తిరుమల రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు చెక్కారు గాని, ఎలా పాడాలో స్వరపరిచి పెట్టలేదు. మనం ఈనాడు వింటున్న వరసల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు కట్టినవి. మన చట్టం ప్రకారం సంగీత రచన మీద హక్కు, కట్టినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రాళ్లపల్లివారు 1979లో కన్నుమూశారు. ఆ లెక్కన ఆయన కట్టిన బాణీలకు 2039 చివరిదాకా రక్షణ ఉంది. ఇక రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన ఏడాది నుంచి లెక్కగట్టి 60 ఏళ్లు.

మరి గుడిలో ఎందుకు అడ్డు రాలేదు? నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపులో వాయించే పాటకూ అదే మినహాయింపు. ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని రికార్డు చేసి లోకమంతటికీ పెట్టిన వీడియోకు అదే వర్తిస్తుందని వాదించడం కష్టం.

మొదటి క్లెయిమ్‌కు అసలు కారణం బాణీ కూడా కాదు. బాబాయి నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ పెట్టుకుని దాని మీద పాడారు. ఆ ట్రాక్ ఒక ఆడియో కంపెనీది. యూట్యూబ్ దగ్గర కంపెనీలు ముందే అప్పగించిన రికార్డింగుల ధ్వని ముద్రలు ఉంటాయి. ఎవరు ఏ వీడియో పెట్టినా యంత్రం దాన్ని వాటితో పోల్చి చూస్తుంది. కొత్త గొంతు పైన ఉన్నా కింద మోగుతున్న వాద్యాలు పట్టిస్తాయి. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో పక్కనున్న వివరాలు తెరిస్తే, ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం దాకా, ఎవరి రికార్డింగుతో సరిపోలిందో రాసి ఉంటుంది. అది చదవకుండానే బాబాయి అభ్యంతరం పంపబోయారు. కౌంటర్లో రూపాయి తేడా వచ్చినా లెక్క తేలేదాకా ఇంటికి వెళ్లని మనిషి ఆయన. ఏ పనైనా మర్నాటికి పెండింగ్ ఉంచడం ఆయన వల్ల కాదు.

నేను ఆపమన్నాను. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వచ్చినంత మాత్రాన ఛానల్‌కు చెడ్డపేరు రాదు. వీడియో మామూలుగా ఆడుతూనే ఉండొచ్చు, దాని మీద ప్రకటనల డబ్బు మాత్రం హక్కుదారుకు పోతుంది. కొన్నిసార్లు హక్కుదారు ఆ వీడియోను ఆపేయనూవచ్చు. మన పక్షాన న్యాయం లేకుండా అభ్యంతరం పెట్టి, వాళ్లు కాదన్నాక మళ్లీ అప్పీలు చేస్తే, వాళ్లు వీడియోను తీసేయమని కోరవచ్చు. అప్పుడు పడేది స్ట్రైక్. ఒక్కో స్ట్రైక్ 90 రోజులు నిలిచి ఉంటుంది, ఆలోగా మూడు పడితే ఛానలే పోవచ్చు. బాబాయి రెండు రోజులు మౌనంగా ఉండి, ఆ వీడియో తీసేశారు. తర్వాత ట్రాకులు మానేసి ఫోన్‌లోని తంబూర యాప్ పెట్టుకుని పాడటం మొదలుపెట్టారు.

ఆయన ఓపికకు అసలు పరీక్ష తర్వాత వచ్చింది. త్యాగరాజ కీర్తన ఒకటి కేవలం తంబూర శ్రుతి మీద పాడి పెడితే దానికీ క్లెయిమ్ వచ్చింది. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు. బాబాయి పాడింది శిష్యపరంపరలో వస్తున్న వరసే. ఈసారి ఆయన తొందరపడలేదు. వివరాలు తెరిచి చూస్తే సరిపోలినట్టు చూపిన భాగం మొదటి నలభై సెకన్లు. అక్కడ ఆయనింకా గొంతు విప్పలేదు, వినిపించేది తంబూర ఒక్కటే. అవతలి రికార్డింగు వెతికి విన్నాం. అదీ అలాంటి తంబూర నాదంతోనే మొదలైంది. యాప్ నిబంధనలు చదివితే ఆ నాదాన్ని రికార్డింగుల్లో వాడుకోవచ్చని స్పష్టంగా ఉంది. అంటే యంత్రం పొరబడింది.

అభ్యంతరం రాయడానికి కూర్చుని మొదట పేజీ నిండా కోపం కుమ్మరించారు. ఆ రాత్రి పంపకుండా ఉంచి, పొద్దున నాలుగు వాక్యాలకు కుదించారు. సాహిత్యం, వరస ఎవరివి, గొంతు ఎవరిది, తంబూర ఎక్కడిది, సరిపోలిన సెకన్లలో ఏముంది. అంతే. ఇలాంటి చోట ‘ఫెయిర్ యూజ్’ అన్న పెట్టెలో టిక్ పెట్టేవాళ్లు ఎక్కువ. అది మరొకరి సొత్తును పరిమితంగా వాడుకున్నామని చెప్పడం. ఇక్కడ మరొకరి సొత్తే లేదు కనుక ఆ కారణం పనికిరాదు.

జవాబివ్వడానికి క్లెయిమ్ చేసినవారికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా వాళ్లు మాట్లాడకపోతే క్లెయిమ్ దానంతటదే రద్దవుతుంది. ఆదాయం వచ్చే ఛానల్ అయితే క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు అభ్యంతరం పెట్టుకోవడం మంచిది. అప్పుడు మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు వివాదం తేలేదాకా ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుతారు. ఈ మాట వినగానే బాబాయి ముఖం తేటపడింది. “సస్పెన్స్ ఖాతా లాంటిదన్నమాట” అన్నారు. ఎవరిదో తేలని సొమ్మును ఆ ఖాతాలో వేసి, కాగితాలు వచ్చేదాకా ఆగడం ఆయన ఉద్యోగమంతా చేసిన పనే. ఆయన ఛానల్‌కు అప్పటికి ఆదాయం లేదు. ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆయన దానికి చాలా దూరంలో ఉన్నారు. అయినా ఆ పోలిక దొరికాక రోజుకు పదిసార్లు స్టూడియో తెరిచి చూడటం మానేశారు. ఆ సమయంలో తర్వాతి కీర్తన సాధన చేసుకున్నారు. గడువు ముగియడానికి కొద్దిరోజుల ముందు కంపెనీ క్లెయిమ్ వదులుకుంది.

ఆ తర్వాత ఆయన పద్ధతి మార్చుకున్నారు. యాప్ తంబూర బదులు ఇంట్లో మూలనున్న పాత శ్రుతిపెట్టె మరమ్మతు చేయించారు. ప్రతి కీర్తనకూ ఒక నోటుపుస్తకంలో వాగ్గేయకారుడు, బాణీ కట్టినవారు, ఎవరి దగ్గర విని నేర్చుకున్నది అని మూడు గడులు గీసుకున్నారు. రెండో గడి నిండితే గాని పాట రికార్డు చేయరు. వరస ఎవరిదో తెలుసుకోవడానికే ఒక్కోసారి వారాలు పడుతోంది. ఇదివరకు రోజుకో పాట పెట్టాలని పట్టుబట్టిన మనిషి ఇప్పుడు నెలకు రెండు పెడుతున్నారు. నా మట్టుకు ఆ రెండే బాగున్నాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఇలాంటి ఛానల్ పెడతానంటే, ముందు కరోకే ట్రాక్ జోలికి పోవద్దని చెప్పండి. బాణీ జీవించి ఉన్నవారిదో, ఇటీవలివారిదో అయితే వారినో, వారి హక్కుదారులనో అనుమతి అడగమనండి. వీడియో కింద రాసే వివరణలో అన్నమయ్య పేరు పక్కన ఆ వరస కట్టిన విద్వాంసుడి పేరు కూడా తప్పక రాయించండి. పేరు రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, కానీ ఆ పేరు వారికి మనం బాకీ ఉన్నాం.