పెళ్లయ్యాక ఆఫీసు రికార్డుల్లో పేరు మార్పు: లెటర్ ఎప్పుడు ఇవ్వాలి, అందులో ఏం రాయాలి?

వలీమా అయిపోయి, సెలవులు ముగించుకుని ఆఫీసుకు వెళ్లిన అమ్మాయిలు చాలామంది మొదటి వారంలోనే హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టేస్తారు. 'నాకు పెళ్లయింది, ఇకపై నా పేరు ఇది, రికార్డుల్లో మార్చండి' అని. హెచ్‌ఆర్‌లో ఎవరో మంచి మనసుతో ఆ రోజే మార్చేస్తారు కూడా. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పే స్లిప్ మీద కొత్త పేరు, పాన్‌లో పాత పేరు, పీఎఫ్‌లో పాత పేరు. ఆ తేడా వెంటనే కనిపించదు. ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడో, పీఎఫ్ డబ్బు తీసుకుందామనుకున్నప్పుడో బయటపడుతుంది.

ముందుగా ఒక మాట. పెళ్లి తర్వాత పేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. నిఖా చేసుకున్నంత మాత్రాన భర్త ఇంటి పేరు తగిలించుకోవాల్సిన అవసరమూ లేదు. మార్చుకోకపోతే ఈ లెటర్ పనే లేదు. కానీ ఆ అమ్మాయి ఇష్టంతోనో, వీసా లాంటి అవసరంతోనో మార్చుకోవాలనుకుంటే మాత్రం పని వరస ప్రకారం జరగాలి. ఆ వరసలో ఆఫీసుకిచ్చే లెటర్ మొదటిది కాదు, చివరిది.

ఎందుకంటే జీతాల విభాగానికి సొంతంగా పేరు నిర్ణయించే అధికారం ఏమీ లేదు. టాక్స్ విషయంలో పాన్‌లో ఏ పేరు ఉందో అదే పేరు. పీఎఫ్ విషయంలో ఆధార్‌లో ఏది ఉందో అదే పేరు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది ఆ రెండింటి నకలు మాత్రమే. అసలు మార్చకుండా నకలు మారిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పేరు ఊరికే అనుకున్నది. మెహదీపట్నంలో ఉండే ఆయేషా సుల్తానాకు నవంబర్‌లో నిఖా అయింది. హైటెక్ సిటీలో ఉద్యోగం. తన పేరు ఇకపై ఆయేషా సుల్తానా ఖాన్ అని ఉండాలనుకుంది. మన ఇళ్లలో సుల్తానా, ఫాతిమా, బేగం అనేవి ఇంటి పేర్లు కావు, పేరులో భాగాలు. కానీ పాన్ ఫారంలో 'చివరి పేరు' అనే గడి నింపక తప్పదు కాబట్టి, చిన్నప్పుడు నాన్న పాన్ తీయించినప్పుడు అందులో సుల్తానా అని రాశారు. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఆమె దగ్గరున్న మొదటి కాగితం ఖాజీ ఇచ్చిన ఉర్దూ నిఖానామా. బెంగళూరులో కూర్చున్న పేరోల్ వాళ్లకు అది చదవడం రాదు, ఆధార్ సెంటర్ అబ్బాయికీ రాకపోవచ్చు. దాని ఆధారంగా నాంపల్లిలోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగంలో ఇంగ్లీషులో మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. లేదంటే పెళ్లి ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించుకుంటే ఆ సర్టిఫికెట్ ఎక్కడైనా చెల్లుతుంది. నా సలహా అయితే రెండోదే. ఆధార్ వాళ్లు, బ్యాంకు వాళ్లు ప్రభుత్వ ముద్ర చూస్తే ప్రశ్నలు తక్కువ వేస్తారు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో అమ్మాయి పాత పేరే ఉంటుంది, తండ్రి పేరుతో సహా. అది పెళ్లి జరిగిందని మాత్రమే చెబుతుంది. భర్త ఇంటి పేరు చివర చేర్చుకోవడానికి అది సరిపోతుంది. కానీ పనిలో పనిగా ఆయేషా స్పెల్లింగ్ కూడా మార్చేద్దాం, సుల్తానా తీసేద్దాం అనుకుంటే మాత్రం ఆ సర్టిఫికెట్ బలం చాలదు. అప్పుడు గెజిట్ ప్రకటన దాకా పోవాల్సి రావచ్చు. అందుకే ఉన్న పేరును కదిలించకుండా, చివర ఒక్క మాట కలపడమే సులువైన దారి.

తర్వాత ఆధార్. ఇందులో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఇస్తారు. ఇంతకు ముందు స్పెల్లింగ్ కోసం ఒకసారి వాడేసుకుని ఉంటే మిగిలింది ఒక్కటే, కాబట్టి అక్షరం అక్షరం చూసి ఇవ్వాలి. ఆధార్‌లో కొత్త పేరు వచ్చాక పాన్ కరెక్షన్‌కు వెళ్లాలి. ఆన్‌లైన్‌లో ఆధార్ ఈ-కేవైసీతో దరఖాస్తు చేస్తే ఆధార్‌లోని పేరే పాన్‌కు వస్తుంది. అందుకే ఈ రెండింటినీ తలకిందులు చేయకూడదు.

పాన్ దగ్గర రెండు అనుమానాలు తరచూ వస్తాయి. మొదటిది, నంబర్ మారుతుందా? మారదు. పాన్ నంబర్‌లో ఐదో అక్షరం చివరి పేరులోని మొదటి అక్షరం. ఆయేషాకు అది సుల్తానా తాలూకు 'ఎస్'. ఇప్పుడు చివరి పేరు ఖాన్ అయినా అక్కడ 'ఎస్' అలాగే ఉంటుంది, 'కె' కాదు. అది చూసి హెచ్‌ఆర్‌లో ఎవరైనా 'కొత్త పాన్ తీసుకో' అంటే వినొద్దు. ఒక మనిషికి రెండు పాన్‌లు ఉండటం చట్టప్రకారం తప్పు, జరిమానా కూడా ఉంది. రెండోది, కార్డు మీద తండ్రి పేరు బదులు భర్త పేరు వేస్తారా అని. వెయ్యరు. పెళ్లయిన స్త్రీకి కూడా పాన్‌లో తండ్రి పేరే ఉంటుంది.

ఇప్పుడు బ్యాంకు. జీతం పడేది ఖాతా నంబర్ చూసి కాబట్టి పేరు పాతదైనా జీతం ఆగదు. దాంతో చాలామంది బ్యాంకును మరిచిపోతారు. కానీ టాక్స్ రిఫండ్ రావాలంటే ఇన్‌కం టాక్స్ పోర్టల్‌లో బ్యాంకు ఖాతాను ధ్రువీకరించుకోవాలి. అక్కడ పాన్ పేరు, ఖాతా పేరు పోల్చి చూస్తారు. పాన్‌లో ఖాన్ వచ్చి, ఖాతాలో రాకపోతే రిఫండ్ చిక్కుకుపోతుంది.

ఇవన్నీ అయ్యేసరికి జనవరి గడిచిపోయిందనుకోండి. ఇప్పుడు లెటర్ సమయం. ఆఫీసుకు ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి విషయం ఇలా ఉంటే చాలు:

'మేనేజర్ గారికి, జీతాల విభాగం. నా వివాహం నవంబర్‌లో జరిగింది. నా పూర్వపు పేరు ఆయేషా సుల్తానా. ఇప్పుడు ఆధార్‌లోను, పాన్‌లోను, జీతం పడే బ్యాంకు ఖాతాలోను ఆయేషా సుల్తానా ఖాన్ అని మారింది. నకళ్లు, మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేశాను. ఫిబ్రవరి జీతం నుంచి పే స్లిప్, టీడీఎస్ రికార్డుల్లో కొత్త పేరు నమోదు చేయగలరు. నా పాన్ నంబర్, యూఏఎన్, ఎంప్లాయీ కోడ్ మారలేదు. దయచేసి కొత్త కోడ్ గాని, కొత్త యూఏఎన్ గాని సృష్టించవద్దు. నా సర్వీసు రికార్డులో పూర్వపు పేరును కూడా ఉంచి, ఈ మార్పును ధ్రువీకరిస్తూ ఒక లెటర్ ఇవ్వగలరు.'

ఇందులో మర్యాద మాటలు ఎలా రాసినా ఫర్వాలేదు గాని, చివరి మూడు వాక్యాలు మాత్రం వదలొద్దు. కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్‌లో పేరు మార్చడం కష్టమని, కొత్త ఉద్యోగి చేరినట్టు ఎంట్రీ వేసేస్తారు. దాంతో కొత్త యూఏఎన్ పుడుతుంది, పీఎఫ్ సర్వీసు రెండు ముక్కలవుతుంది. వాటిని కలపడానికి మళ్లీ తిరగాలి. పూర్వపు పేరు ఎందుకంటే, టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా సర్టిఫికెట్లన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి. రేపు ఇంకో కంపెనీకి మారితే, వాళ్లు వెరిఫికేషన్‌కు ఫోన్ చేసినప్పుడు 'ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పనిచేయలేదు' అనే జవాబు రాకూడదు.

ఫిబ్రవరి జీతం అన్నాం కాబట్టి లెటర్ ఆ నెల జీతాల లెక్క కట్టేలోపు అందాలి. చాలా కంపెనీలు నెలలో ఇరవయ్యో తేదీ దాటాక మార్పులు తీసుకోవు. అక్కడి తేదీ అడిగి తెలుసుకోవడం మంచిది.

ఏప్రిల్ నుంచి జనవరి దాకా పాత పేరుతో కోసిన టాక్స్ ఏమవుతుందని భయపడక్కర్లేదు. టీడీఎస్ జమయ్యేది పాన్ నంబర్ మీద, పేరు మీద కాదు. అది చెక్కుచెదరదు. మనందరికీ ఫామ్ 16 పేరుతో తెలిసిన సర్టిఫికెట్‌లో మొదటి భాగం టాక్స్ శాఖ పోర్టల్ నుంచి పాన్‌లోని పేరుతోనే వస్తుంది. జీతం వివరాల భాగం కంపెనీ లెక్కల నుంచి వస్తుంది. అది చేతికొచ్చేది జూన్‌లో. ఆలోపు రెండు చోట్లా ఒకే పేరు ఉంటే సర్టిఫికెట్ ఒకే పేరుతో వస్తుంది. తొందరపడి పాన్ కంటే ముందే ఆఫీసులో మార్పిస్తే ఒకే సర్టిఫికెట్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి. బ్యాంకు లోన్ ఆఫీసర్ అడిగేది దాన్నే.

పాన్ నిజంగా మారిందో లేదో కార్డు వచ్చేదాకా ఆగకుండానే చూసుకోవచ్చు. ఇన్‌కం టాక్స్ పోర్టల్ మొదటి పేజీలో 'వెరిఫై పాన్ స్టేటస్' అని ఉంటుంది. నంబర్, కొత్త పేరు, పుట్టిన తేదీ కొడితే వివరాలు సరిపోయాయో లేదో చెబుతుంది. సరిపోలేదని వస్తే లెటర్ ఆపాలి.

పీఎఫ్‌లో పేరు మాత్రం ఆఫీసు లెటర్‌తో దానంతట అది మారదు. యూఏఎన్ 2017 అక్టోబర్ 1 తర్వాత వచ్చి, ఆధార్‌తో ధ్రువీకరణ అయి ఉంటే, 2025 జనవరి నుంచి మెంబరే పోర్టల్‌లో లాగిన్ అయి కాగితాలు లేకుండా పేరు సరిచేసుకునే వీలుంది. అంతకు ముందు యూఏఎన్ అయితే కంపెనీ ఆమోదం కావాలి, కాబట్టి లెటర్‌లో ఆ మాట ఒక వాక్యం కలపాలి. అదే లాగిన్‌లో ఉండగానే నామినేషన్ కూడా చూసుకోండి. పెళ్లికి ముందు అన్నయ్య పేరో, చెల్లి పేరో రాసి ఉంటే, పీఎఫ్ నిబంధనల ప్రకారం పెళ్లితో అది చెల్లకుండా పోతుంది. కొత్తగా వెయ్యాల్సిందే.

ఒక్క పని మాత్రం ఈ వరస కోసం ఆగదు. ఆఫీసు మెడికల్ ఇన్సూరెన్స్‌లో భర్త పేరు చేర్చడానికి చాలా కంపెనీలు పెళ్లి తేదీ నుంచి 30 రోజుల గడువు పెడతాయి. అది దాటితే మళ్లీ పాలసీ రెన్యూవల్ దాకా ఎదురుచూడాలి. దానికి పేరు మారనక్కర్లేదు. పాత పేరుతోనే, నిఖానామా నకలు పెట్టి, 'మ్యారిటల్ స్టేటస్ మార్చి నా భర్తను చేర్చండి' అని వేరే మెయిల్ ముందే పంపేయాలి. రెండు విషయాలూ ఒకే మెయిల్‌లో పెడితే హెచ్‌ఆర్ వాళ్లు పాన్ వచ్చేదాకా రెండింటినీ పక్కన పెట్టేస్తారు.