చిన్న బడ్జెట్‌లో మూడు ఫోన్లు

ఒక చిన్న బృందం పాల సేకరణ కేంద్రాల కోసం యాప్ తయారుచేసిందనుకుందాం. కేంద్రంలో పనిచేసే మనిషి రైతు పేరు, లీటర్లు, వెన్న శాతం నమోదు చేసి, యంత్రం ఇచ్చిన చీటీని ఫొటో తీసి పంపాలి. ఆఫీసులో అంతా సవ్యంగా నడిచింది. ఊళ్లకు వెళ్లాక ఒకటే ఫిర్యాదు: ఫొటో తీసి వెనక్కి వచ్చేసరికి రాసిందంతా పోతోంది, యాప్ మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలవుతోంది.

ఆఫీసులో వాళ్లు పరీక్షించింది ఎమ్యులేటర్ మీద. కంప్యూటర్‌లో ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రామ్ అది. ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఉచితంగా వస్తుంది. తప్పు ఎమ్యులేటర్‌ది కాదు, అది చూపించలేనిదాన్ని దాని మీద వెతకడం వల్ల ఇబ్బంది వచ్చింది.

2 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఆండ్రాయిడ్ తన అవసరాలకే చాలా భాగం వాడుకుంటుంది. కెమెరా తెరవగానే దానికి బోలెడంత మెమరీ కావాలి. అప్పుడు ఆండ్రాయిడ్ వెనకపడ్డ మన యాప్‌ను ముగించి చోటు చేస్తుంది. అది లోపం కాదు, ఆండ్రాయిడ్ పనితీరే అంత. ఎమ్యులేటర్‌లో కెమెరా ఒక బొమ్మ గదిని చూపిస్తుంది, దాని బరువు చాలా తక్కువ. మెమరీ కోసం పోటీపడే వాట్సాప్ లాంటి యాప్‌లూ అక్కడ ఉండవు. అందుకే ఈ ఇబ్బంది అక్కడ బయటపడదు. పైగా ఇలా ముగిసిపోవడం యాప్ క్రాష్ కింద లెక్కకు రాదు కాబట్టి క్రాష్ నివేదికల్లోనూ సాధారణంగా కనిపించదు.

చిన్న ఫోన్‌లో ఒకసారి చూశాక, దాన్ని ఎమ్యులేటర్ మీదే కావలసినన్నిసార్లు తెప్పించుకోవచ్చు. ఫారం సగం నింపి, హోమ్ బటన్ నొక్కి, కంప్యూటర్‌లో ఈ ఆదేశం ఇవ్వాలి. చివర మీ యాప్ ప్యాకేజీ పేరు ఉంటుంది.

```
adb shell am kill com.example.palu
```

తర్వాత ఇటీవలి యాప్‌ల జాబితా నుంచి మళ్లీ తెరవాలి. రాసింది అలాగే ఉంటే సరే. లేకపోతే, ప్రతి గడి నింపగానే దాన్ని ఫోన్‌లోనే చిత్తుప్రతిగా భద్రపరిచేలా యాప్‌ను మార్చాలి.

ఎమ్యులేటర్ చూపించని సంగతి ఇంకొకటి ఉంది. దానిలో ఉండేది గూగుల్ ఇచ్చే సాదా ఆండ్రాయిడ్. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ వంటి కంపెనీలు బ్యాటరీ ఆదా కోసం తమ సొంత నియమాలు కలుపుతాయి. సిగ్నల్ లేనప్పుడు తీసిన ఫొటోను సిగ్నల్ వచ్చాక పంపుదామని యాప్ వెనక వేచి ఉంటే, ఆ నియమాలు దాన్ని ఆపేయవచ్చు. ఇది తెలియాలంటే ఆ కంపెనీ ఫోనే చేతిలో ఉండాలి.

కాబట్టి ఎమ్యులేటర్‌తో తేలని తేడాల మీదే డబ్బు పెట్టాలి. వేర్వేరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, తెర సైజులు, అక్షరాలు పెద్దవి చేసినప్పుడు తెలుగు మాటలు బటన్ దాటి పోతున్నాయా లేదా అన్నది ఎమ్యులేటర్ బాగానే చెబుతుంది. వాటి కోసం ఫోన్లు కొనక్కర్లేదు.

చేతిలో 20,000 రూపాయలుంటే ఒక కొత్త ఫోన్ కంటే మూడు పాత ఫోన్లు మేలు. మొదటిది 2 జీబీ ర్యామ్ ఉన్న చౌక ఫోన్. రెండోది, మీ వాడుకరుల్లో ఎక్కువమంది దగ్గరున్న కంపెనీది, మధ్యరకం ధరలోది. మూడోది వేరే కంపెనీది, మరికాస్త పాత ఆండ్రాయిడ్‌తో ఉన్నది. డెవలపర్ల సొంత ఫోన్లు కొత్తవీ వేగమైనవీ అయ్యుంటాయి కాబట్టి నాలుగో రకం కొనకుండానే వచ్చినట్టు. వాడుకరుల్లో ఐఫోన్ వాళ్లు గణనీయంగా ఉంటేనే ఈ మూడింట్లో ఒకదాని బదులు పాత ఐఫోన్ తీసుకోవాలి.

ఏ కంపెనీ అన్నది ఊహించకూడదు. యాప్ ఇప్పటికే ప్లే స్టోర్‌లో ఉంటే ఏ మోడళ్లలో నడుస్తోందో ప్లే కన్సోల్ చూపిస్తుంది. ఇంకా విడుదల కాకపోతే పది కేంద్రాలకు ఫోన్ చేసి మోడల్, ర్యామ్, ఆండ్రాయిడ్ వెర్షన్ రాసుకుంటే చాలు.

కొన్న ఫోన్లను ఊళ్లో వాడేలాగే ఉంచాలి. వాట్సాప్ వేసి, స్టోరేజీని ఫొటోలతో దాదాపు నింపాలి. బ్యాటరీ సెట్టింగులు మార్చకూడదు. పాత వెర్షన్ కోసం కొన్నదాన్ని అప్‌డేట్ చేస్తే కొన్న ప్రయోజనమే పోతుంది. విడుదలకు ముందు ప్రతిసారీ ఒక పూర్తి నమోదు, పేరు దగ్గర నుంచి ఫొటో పంపేదాకా, మూడింటి మీదా చేయాలి. మధ్యలో ఒకసారి డేటా ఆపి, తెర ఆర్పి, అరగంట తర్వాత మళ్లీ డేటా ఇచ్చి, ఫొటో చేరిందో లేదో చూడాలి.

డబ్బు ఒక్కదానికే సరిపోతే ఆ 2 జీబీ ఫోనే కొనండి. దాని మీద నిలిచిన యాప్‌కు పెద్ద ఫోన్లలో మెమరీ ఇబ్బంది సాధారణంగా రాదు. పెద్ద ఫోన్ మీద నిలిచినదాని గురించి ఆ మాట చెప్పలేం.