నీళ్లు రావన్న కబురు ఏ పేజీలో?

మొదటి పేజీ నిండా అధ్యక్షుడి సందేశం, సన్మానం ఫొటో. ట్యాంకు కడుగుతారు, నీళ్లు రావు అన్న సంగతి మాత్రం వెనకవైపు అడుగున. సభ్యులకు నెలనెలా అందే కాలనీ క్లబ్ పత్రికల్లో ఇది మామూలు దృశ్యమే.

చేతిలో ఉన్నది ఒక్క ఏ4 కాగితం. అందుకే ప్రతి అంశానికీ ఒకటే పరీక్ష: ఇది చదివాక సభ్యుడు ఏదైనా చెయ్యాలా? నీళ్లు పట్టుకోవాలి, చందా కట్టాలి, పేరివ్వాలి అంటే అది పైన. గడువు దగ్గరపడినది అన్నిటికన్నా ముందు. ఆ తర్వాత జమాఖర్చులు, జరిగిన కార్యక్రమాలు. సందేశం నాలుగు వాక్యాలు మించితే కత్తిరించాల్సిందే, అధ్యక్షుడు కాస్త చిన్నబుచ్చుకున్నా సరే.

గొంతు చెడేది క్రియ దగ్గర. కార్యదర్శి ‘ట్యాంకు శుభ్రపరచబడును’ అని రాస్తారు, క్రీడల బాధ్యుడు ‘రండి, దుమ్ము దులుపుదాం’ అంటాడు. రెండూ ఒకే పేజీలో పడితే ఒకటి నోటీసులా, ఇంకొకటి గోడ పోస్టరులా ఉంటుంది. అందరి రాతలనూ చివర్లో ఒకరే తిరగరాయాలి: ‘14వ తేదీ ఆదివారం ఉదయం 7 నుంచి 11 వరకు ట్యాంకు కడుగుతారు. శనివారం రాత్రే నీళ్లు పట్టి ఉంచుకోండి.’ ‘వచ్చే ఆదివారం’ అంటే చాలదు. కాగితం ఎవరి చేతికి ఏ రోజు చేరుతుందో తెలియదు కదా.

ఇక ‘గారు’. పెడితే దాతతో పాటు వాచ్‌మన్‌కూ పెట్టాలి. లేదంటే ఎవరికీ వద్దు.