నలభై పేజీల రిపోర్టుకు బదులు ఒక్క పేజీ

సరుకు రవాణా చేసే ఒక కంపెనీలో అనలిస్టు తన పై అధికారికి ఇలా మెయిల్ పెట్టిందనుకుందాం: "సార్, మనం వారం వారం పంపే నలభై పేజీల రిపోర్టులో ఏ పేజీ చూసి ఏ నిర్ణయం తీసుకున్నారని మేనేజర్లను అడిగాను. అందరూ కలిసి చెప్పినవి నాలుగు అంకెలే. వాటినే ఒక పేజీ డ్యాష్‌బోర్డుగా చేసి, నాలుగు వారాలు పాత రిపోర్టుతో పాటే పంపి చూద్దామా?"

ఆ నాలుగు అంకెలు ఇవి: ఆలస్యమైన డెలివరీలు, తిరిగొచ్చిన సరుకు, ఖాళీగా నిలిచిన లారీలు, వసూలు కావలసిన బాకీలు. ఒక్కోదాని పక్కన దాన్ని చూసి కదలాల్సిన మనిషి పేరు ఉంటుంది. పేరు దొరకని అంకెకు పేజీలో చోటు లేదు.

అయితే అంకె ఒక్కటే ఉంటే చాలదు. పోయిన వారం 38 డెలివరీలు ఆలస్యమై, ఈ వారం 47 అయ్యాయనుకోండి. పాత రిపోర్టులో అది ఎర్రరంగు బాణమై కనిపిస్తుంది, డిపో మేనేజరు సంజాయిషీ రాయడానికి కూర్చుంటాడు. నిజంగా ఏదైనా మారిందా?

ఈ ప్రశ్నకు దారి చూపింది కూడా ఒక్క పేజీ కాగితమే. 1924 మే 16న అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో వాల్టర్ షూహార్ట్ తన అధికారికి పేజీ నిడివి మెమో పంపాడు. అందులో మూడో వంతు ఒక చిన్న పటమే. ఈనాటి కంట్రోల్ చార్టుకు అదే మూలం.

దాని నుంచి వచ్చిన సులువైన లెక్క ఒకటుంది. మన కంపెనీలో వారానికి సగటున 40 డెలివరీలు ఆలస్యమవుతాయి. ఒక వారానికీ మరుసటి వారానికీ ఉండే తేడాల సగటు 6. దాన్ని 2.66తో గుణిస్తే సుమారు 16. అంటే 24 నుంచి 56 వరకు మామూలు ఊగిసలాటే. 47కి సంజాయిషీ అక్కర్లేదు. 61 వస్తే మాత్రం కారణం వెతకాలి. హద్దులోపలే ఉన్నా వరసగా ఎనిమిది వారాలు సగటుకు పైనే నడిస్తే కూడా వెతకాలి.

అసలు చిక్కు నిర్వచనంలో ఉంటుంది. ఆలస్యాన్ని కస్టమరుకు మొదట చెప్పిన తేదీ నుంచి లెక్కిస్తారా, తర్వాత మార్చిన తేదీ నుంచా? రెండోది తీసుకుంటే గీత అందంగా కిందికి దిగుతుంది, ఫిర్యాదులు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. ఆ రెండూ ఎదురెదురుగా నడుస్తుంటే కొలత తప్పిందని అనుమానించాలి. అందుకే మెయిల్‌లోనే ఒక్కో అంకెకు ఒక వాక్యం అర్థం రాసి పెట్టడం మంచిది.

నాలుగు వారాలయ్యాక "మా అంకె కూడా పెట్టండి" అంటూ తలో శాఖా వస్తుంది. ఒకటి చేర్చాలంటే ఒకటి తీసేయాలన్న షరతు లేకపోతే ఏడాదిలో మళ్లీ నలభై పేజీలే. పాత రిపోర్టును అందరికీ పంపడం మాని, అడిగినవాళ్లకే ఇస్తే సరిపోతుంది. ఎవరు ఏ పేజీ అడిగారో రాసి ఉంచుకుంటే, తర్వాత దేనికి చోటివ్వాలో ఆ జాబితాయే చెబుతుంది.