డాలర్లలో ధర, రూపాయల్లో ఖర్చు

భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతిదారు అమెరికా వ్యాపారికి లక్ష డాలర్ల ధర చెప్పాడనుకుందాం. ఆ రోజు డాలరు 84 రూపాయలు. రైతుకిచ్చేది, ప్రాసెసింగ్, రవాణా కలిపి ఖర్చు 81 లక్షలు. మిగిలేది 3 లక్షలు. కానీ సొమ్ము వచ్చేది 90 రోజులకు. ఈలోగా డాలరు 82కు దిగితే చేతికి 82 లక్షలే వస్తాయి. సరుకులో లోపం లేకపోయినా లాభంలో రెండు వంతులు పోయినట్టే.

ఆర్డరు ఖాయమైన రోజే బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు రాసుకుంటే, 90 రోజుల తర్వాతి రేటు ఇప్పుడే స్థిరపడుతుంది. మన వడ్డీ రేట్లు అమెరికాకన్నా ఎక్కువగా ఉన్నప్పుడు ఆ రేటు ఇవాళ్టి రేటుకన్నా కాస్త పైనే ఉంటుంది. అందుకే ధర చెప్పేముందే దాన్ని అడిగి తెలుసుకోవాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

డాలరు 87కు పెరిగితే ఆ అదనపు లాభం మాత్రం దక్కదు. అంతకన్నా పెద్ద చిక్కు, కొనుగోలుదారు ఆర్డరు రద్దుచేస్తే వస్తుంది. డాలర్లు రాకపోయినా బ్యాంకుతో ఒప్పందం అలాగే ఉంటుంది. అప్పటికి డాలరు పెరిగి ఉంటే, రద్దు చేసుకోవడానికి ఆ తేడా మనమే కట్టాలి. కొత్త కొనుగోలుదారైతే సగం మొత్తానికే కాంట్రాక్టు తీసుకోవడం నయం.