నలుగురికే టికెట్టు

గుంటూరు నుంచి ముగ్గురం, డాలస్ నుంచి ముగ్గురు. మా అక్క కొడుకు ఎమ్మెస్ పట్టా పుచ్చుకునే రోజున ఆ ఇండోర్ స్టేడియం గేటు ముందు మేం ఆరుగురం తేలాం. చేతిలో ఉన్న టికెట్లు నాలుగు. వాడు అదనపు టికెట్ల కోసం ప్రయత్నించకపోలేదు. ఫలానా రోజు ఉదయం తొమ్మిదింటికి ఆన్‌లైన్‌లో తెరుస్తాం, ముందొచ్చిన వాళ్ళకు ముందు అన్నారట. ఆ తొమ్మిదింటికి వాడు పరీక్ష రాస్తున్నాడు. బయటికొచ్చి ఫోన్ తీసేసరికి అన్నీ అయిపోయాయి.

"వదినా, మీరు ముగ్గురూ పదండి, మావాణ్ణి కూడా తీసుకెళ్ళండి. మేమిద్దరం పక్క హాల్లో టీవీలో చూస్తాం" అన్నాడు బావగారి తమ్ముడు. తెల్లవారుజామునే లేచి అంతదూరం కారు నడుపుకుంటూ వచ్చిన మనిషి. లోపలికెళ్ళి కూర్చున్నాక చూద్దును కదా, మా వరసలోనే ఏడు కుర్చీలు ఖాళీ. పైవరసల్లో ఇంకా ఎక్కువ. ఆ రెండు గంటలూ నా చూపు వేదిక మీద కంటే ఆ కుర్చీల మీదే ఉంది. బయట టికెట్టు దొరకని వాళ్ళు, లోపల మనిషి లేని కుర్చీలు. ఇదెలా జరుగుతుంది?

అమెరికా పెద్ద విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల గ్రాడ్యుయేషన్ అంటే ఒక్క సభ కాదు. మొత్తం విశ్వవిద్యాలయానికి కలిపి ఒక మహాసభ ఉంటుంది. దాన్ని ఫుట్‌బాల్ స్టేడియంలో పెట్టే చోట టికెట్ల బాధ పెద్దగా ఉండదు, కానీ అక్కడ ఒక్కొక్కరి పేరూ పిలవరు. పేరు పిలిచి, వేదిక ఎక్కించి, చెయ్యి కలిపి, ఫొటో తీసేది ఇంజనీరింగ్ కాలేజీకో బిజినెస్ స్కూలుకో విడిగా జరిగే సభలో. అమ్మానాన్నలు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చేది ఆ పేరు వినడానికే. టికెట్ల పోటీ అంతా అందుకే ఆ సభకు.

తలకు నాలుగు అన్న అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. 7,000 కుర్చీల హాలు అనుకోండి. పట్టాలు తీసుకునే వాళ్ళు కింద నేల మీద విడిగా వేసిన కుర్చీల్లో కూర్చుంటారు కాబట్టి వాళ్ళకు ఇందులో వాటా లేదు. వేదిక వెనకవైపు కుర్చీల నుంచి వీపులు తప్ప ఏమీ కనిపించవు, 1,500 అక్కడ పోయాయి. అధ్యాపకుల కుటుంబాలకూ, ఆహ్వానితులకూ, వీల్‌చైర్ స్థలాలకూ కలిపి ఇంకో 300 పక్కన పెట్టాలి. మిగిలినవి 5,200. సభకు వస్తామని పేరిచ్చిన విద్యార్థులు 1,150 మంది. భాగిస్తే నాలుగున్నర. అర టికెట్టు ఇవ్వలేరు కాబట్టి నాలుగు. నిలబడి చూస్తామంటే కుదరదు. హాల్లో ఎంతమంది ఉండవచ్చో అగ్నిమాపక నిబంధన తేల్చేస్తుంది, నడవాలో మనిషి ఉండకూడదు.

తలా నాలుగు పంచాక ఇంకా 600 కుర్చీలున్నాయి. సభ రోజున కుర్చీ విరిగిందనో, ఒకే సీటు ఇద్దరికి పడిందనో గొడవలొస్తే సర్దడానికి 60 అట్టే పెట్టుకున్నారనుకుందాం. అదనంగా ఇవ్వగలిగినవి 540. వాటికోసం 310 మంది దరఖాస్తు పెట్టారు. అరవైమంది ఒక్కోటి చాలన్నారు, వందమంది రెండేసి, ఎనభైమంది మూడేసి, డెబ్బైమంది నాలుగేసి అడిగారు. మొత్తం 780. ఉన్నవాటికి 240 ఎక్కువ.

ముందొచ్చిన వాళ్ళకు ముందు అనే పద్ధతిలో వెబ్‌పేజీ తెరిస్తే ఏమవుతుందో చూడండి. సగటున ఒక్కొక్కరు రెండున్నర చొప్పున అడిగారు. అడిగినన్నీ ఇచ్చుకుంటూ పోతే దాదాపు 215 మంది దగ్గరికొచ్చేసరికి 540 అయిపోతాయి. మిగిలిన 95 మందికి ఒక్కటీ రాదు. నాలుగు అదనంగా పట్టుకెళ్ళినవాడి పక్కగదిలోనే, ఒక్కటంటే ఒక్కటి అడిగి ఉత్త చేతులతో మిగిలినవాడుంటాడు. పైగా ఆ 95 మంది ఎవరు? ఆ వేళకు పరీక్షలోనో, ల్యాబులోనో, కడుపు కోసం చేసే పనిలోనో ఉన్నవాళ్ళు. ఈ పద్ధతి న్యాయంగా కనిపించడానికి కారణం, మనం వరసలో నిలబడటానికి అలవాటుపడటం. వరస అయినా అందరూ నిలబడగలిగే వేళకు పెడితేనే వరస.

ఇదే 540ని ఇంకోలా పంచవచ్చు. దరఖాస్తులకు వారం గడువు ఇస్తారు. ఆ వారంలో ఎప్పుడు పెట్టినా ఒకటే. గడువు ముగిశాక మొదటి చుట్టులో అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకటి ఇస్తారు, 310 పోయాయి. చేతిలో ఇంకా 230. రెండోది కావాలన్న వాళ్ళు 250 మంది. వాళ్ళ పేర్లు లాటరీ తీస్తే 230 మందికి రెండోదీ వస్తుంది, ఇరవైమందికి మాత్రం ఒక్కటితో సరి. ఉత్త చేతులతో వెళ్ళినవాడు ఎవడూ లేడు. కుర్చీలు అవే, అడిగినవాళ్ళు వాళ్ళే. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడికి తెలిసిన సంగతే ఇది. అందరి విస్తరిలోకీ ఒక్కో బూరె పడ్డాకే రెండో బూరె.

మరి కారణాలు రాయించుకుని, అవసరాన్ని బట్టి ఇస్తే? వినడానికి ఇదే అన్నిటికంటే మంచిదనిపిస్తుంది. నాకైతే ఇదే అన్నిటికంటే ప్రమాదకరమనిపిస్తుంది. ఒకరు తాతగారికి ఆరోగ్యం బాగోలేదని రాస్తారు, ఒకరు మా ఇంట్లో చదువుకున్న మొదటివాణ్ణి నేనే అంటారు, ఒకరికి తల్లిదండ్రులు విడిపోయి రెండేసి కుటుంబాలు. ఆఫీసులో కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు ఏ దుఃఖం ఎంత బరువో తూచాలి. నిజమో కాదో కనుక్కునే దారి లేదు. చివరికి ఇంగ్లీషులో గుండె కరిగేలా రాయగలిగినవాడికి టికెట్టు, మొహమాటపడి రెండు ముక్కలు రాసినవాడికి లేదు. మన పిల్లలు ఎక్కువగా ఆ రెండో రకం.

ఒక్క విషయం మాత్రం లాటరీలోకి రాకూడదు. వీల్‌చైర్‌లో వచ్చే అమ్మమ్మకు కావలసింది అదనపు టికెట్టు కాదు, చక్రాల కుర్చీ పట్టే చోటు. ఉన్న నాలుగు టికెట్లలో ఒకటి ఆమెదే అవుతుంది, సీటు రకం మారుతుంది, అంతే. అమెరికా వికలాంగుల చట్టం ప్రమాణాల ప్రకారం 5,000 కుర్చీలు దాటిన హాల్లో కనీసం 36 వీల్‌చైర్ స్థలాలు, ఆపైన ప్రతి 200 కుర్చీలకూ ఇంకొకటి ఉండాలి. మన 7,000 కుర్చీల హాలుకు ఆ లెక్కన 46. ప్రతి స్థలం పక్కనా తోడొచ్చిన మనిషికి ఒక కుర్చీ ఉండాలి. కాబట్టి ఆ అభ్యర్థన టికెట్ల ఫారంలో కారణంగా రాస్తే లాభం లేదు. దానికి వేరే ఫారమో ఫోన్ నంబరో ఉంటుంది, ముందే చెప్పాలి.

ఇక నేను చూసిన ఆ ఖాళీ కుర్చీల సంగతి. అవి అదనపు 540లోవి కావు, తలా నాలుగు పంచిన 4,600లోవి. మన లెక్కలోని 1,150 మందిలో ఒక 150 మందికి ఇంటినుంచి ఎవరూ రావడం లేదనుకోండి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్లో వీసా రానివాళ్ళు, విమానం ఖర్చు భరించలేనివాళ్ళు, అప్పు తీరేదాకా అమ్మను రమ్మని పిలవలేనివాళ్ళు. వాళ్ళ పేరున పడ్డ టికెట్లు 600. విశ్వవిద్యాలయం అదనంగా పంచడానికి కిందా మీదా పడ్డవాటి కంటే ఇవే ఎక్కువ! ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. నాలుగూ తలకు కట్టబెట్టే బదులు సున్నా నుంచి నాలుగు దాకా ఎన్ని కావాలని అడగాలి. గడువులోగా తీసుకోనివి రద్దయి అదనపు వాటాలో కలవాలి. వీసా ఇంకా తేలనివాళ్ళు ఆశతో నాలుగూ అట్టిపెట్టుకుంటారు, వాళ్ళను తప్పుపట్టలేం. అందుకే సభకు వారం ముందు దాకా ఒక్క క్లిక్కుతో తిరిగి ఇచ్చే వీలుండాలి, అలా వచ్చినవి అదే లాటరీ వరసలో మిగిలిన వాళ్ళకు వెళ్ళాలి. అంతేగానీ ఎలాగూ కొందరు రారు కదా అని విమానాల వాళ్ళలా ఉన్నవాటి కంటే ఎక్కువ టికెట్లు ఇచ్చేయకూడదు. విమానం తప్పితే డబ్బిచ్చి తర్వాతి దానిలో ఎక్కిస్తారు. ఈ సభకు తర్వాతి విమానం లేదు.

తిరిగిచ్చే దారి లేనిచోట బజారు పుడుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "రెండు టికెట్లు కావాలి", "నా దగ్గర మూడున్నాయి" అన్న మెసేజీలు మొదలవుతాయి. ఉచితంగా ఇచ్చేవాళ్ళే చాలామంది. అమ్మేవాళ్ళూ ఉన్నారు, చాలా విశ్వవిద్యాలయాలు దాన్ని నిషేధించినా. అసలు మోసం పీడీఎఫ్‌లో ఉంది. ఒకే టికెట్టు పీడీఎఫ్‌ను నలుగురికి పంపవచ్చు. చూడటానికి నాలుగూ ఒకేలా ఉంటాయి. గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడు లోపలికెళ్తాడు, రెండోవాడికి ఎర్రలైటు వెలుగుతుంది. ఆ రెండోవాడు మీ నాన్నగారు కావచ్చు. టికెట్టు ఇచ్చేవాళ్ళు తమ ఖాతా నుంచి మీ ఖాతాకు 'ట్రాన్స్‌ఫర్' చేస్తే పాత కోడ్ చచ్చి కొత్తది పుడుతుంది. అలా చేయనంటే ఆ టికెట్టు వద్దనండి. చంటిపిల్లకు కూడా టికెట్టు అడిగే చోట్లున్నాయి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాంలే అనుకుని వెళ్ళకండి.

ఆ రోజు సభ అయ్యాక మావాడు గౌనుతోనే పరుగెత్తి పక్క హాల్లో ఉన్న చిన్నాన్న దగ్గరికెళ్ళాడు. "నీ పేరు వాళ్ళు సరిగ్గా పలకలేదురా" అన్నాడాయన నవ్వుతూ. టీవీలో ఆ ఒక్కటీ బాగానే వినిపించిందట.

అక్కడ చదువుతున్న మన పిల్లలకు ఒక మాట. మీవాళ్ళు రావడం లేదని తేలిన రోజునే ఆ నాలుగు టికెట్లూ మీ టికెట్ ఆఫీసుకు తిరిగి ఇచ్చేయండి. తిరిగిచ్చే వీలు లేకపోతే, పెట్టమని గ్రాడ్యుయేట్ స్టూడెంట్ సంఘం ద్వారా వచ్చే సంవత్సరానికైనా అడగండి.